అడిగినవాళ్ల మాటల్లో ప్రశ్న, మొదటి వాక్యంలోనే జవాబు: తరచూ అడిగే ప్రశ్నల పేజీని దిద్దే పద్ధతి

ఆన్‌లైన్‌లో కోర్సులు నేర్పే ఒక సైటును ఊహించుకుందాం. దాని ‘తరచూ అడిగే ప్రశ్నలు’ పేజీలో ఒకచోట ఇలా ఉంది:

> రీఫండ్ విధానం అంటే ఏమిటి?
> అభ్యాసకుల సంతృప్తికి మేము అత్యంత ప్రాధాన్యం ఇస్తాము. మా కోర్సులన్నీ అనుభవజ్ఞులైన నిపుణులచే రూపొందించబడినవి. అయినప్పటికీ ఏదైనా కారణం చేత కోర్సును కొనసాగించదలచుకోని అభ్యాసకులు, రుసుము చెల్లించిన తేదీ నుండి 7 రోజులలోపు, రెండు పాఠాలకు మించి వీక్షించని పక్షంలో, ‘నా కోర్సులు’ విభాగం ద్వారా రీఫండ్ కొరకు అభ్యర్థించవచ్చును. అభ్యర్థన ఆమోదించబడిన అనంతరం 5 నుండి 7 పని దినములలో మొత్తం జమ చేయబడును.

ఇందులో తప్పు సమాచారం ఏదీ లేదు. అయినా ఆ సైటు సహాయ విభాగానికి ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి: ‘కోర్సు నా స్థాయికి సరిపోలేదు, డబ్బు వెనక్కి ఇస్తారా?’, ‘ఒకే కోర్సుకు రెండుసార్లు డబ్బు పోయింది’, ‘పోయిన వారం రీఫండ్ అడిగాను, ఇంకా పడలేదు’. ఈ ముగ్గురూ పేజీ తెరిచి చూసినవాళ్లే అనుకుందాం. వాళ్ల కంటపడినవి ‘రీఫండ్ విధానం’ అనే రెండు మాటలు. అది సంస్థ తన లోపల వాడుకునే శీర్షిక. డబ్బు పోయిందని కంగారులో ఉన్న మనిషి విధానం అంటే ఏమిటని అడగడు. మొదటివారికి కావలసిన జవాబు మూడో వాక్యం నడుమ ఉంది. మూడోవారిది చివరి వాక్యంలో ఉంది. రెండోవారిది అసలు లేనే లేదు.

ఈ ఒక్క ప్రశ్ననే మొదటి నుంచి చివరి దాకా దిద్దుకుంటూ పోదాం. మిగతా పేజీకీ ఇదే పద్ధతి.

## 1. పేజీని పట్టికలోకి దించండి

సైటు మీదే దిద్దడం మొదలుపెట్టకండి. అన్ని ప్రశ్నలనూ ఒక స్ప్రెడ్‌షీటులోకి ఎక్కించి, వరుసకు ఒక ప్రశ్న చొప్పున పెట్టండి. పక్కన రెండు గడులు చాలు. మొదటి గడిలో, జవాబు మొత్తాన్ని ఒక్క వాక్యంలో మీ మాటల్లో రాయండి. రెండో గడిలో, ఈ ప్రశ్నను నిజంగా ఎవరైనా అడిగినట్టు మీ దగ్గర ఆధారం ఉందో లేదో రాయండి.

ఒక్క వాక్యంలోకి దించలేకపోతే ఆ జవాబులో రెండు మూడు జవాబులు కలిసిపోయి ఉన్నాయని అర్థం. పై రీఫండ్ జవాబు అలాంటిదే: డబ్బు వస్తుందా అన్నది ఒకటి, ఎలా అడగాలన్నది ఒకటి, ఎన్ని రోజులకు పడుతుందన్నది మరొకటి. ఇక రెండో గడిలో ఖాళీగా మిగిలేవి ‘మిమ్మల్నే ఎందుకు ఎంచుకోవాలి?’ వంటి ప్రశ్నలు. అవి సంస్థ తనను తాను అడిగించుకున్నవి. వాటిని తీసేసి, చెప్పదలచుకున్నది సంస్థ గురించి చెప్పే పేజీలో పెట్టండి. ఈ తరహా ప్రశ్నలు రెండు కనబడినా పాఠకుడికి పేజీ మీద నమ్మకం తగ్గుతుంది, పక్కనున్న పనికొచ్చే ప్రశ్నను కూడా చూడకుండా వెళ్లిపోతాడు.

## 2. అడిగినవాళ్ల మాటలను ఉన్నవి ఉన్నట్టు పోగుచేయండి

ఈ పనికి కేటాయించే సమయంలో సగం ఇక్కడే పెట్టమంటాను. మిగతా మెట్లన్నీ దీనిమీదే నిలబడతాయి.

‘మా వినియోగదారులు ఎలా అడుగుతారో మాకు తెలుసు’ అనిపించడం సహజం. కానీ సొంత ఊహతో ఇతరుల మాటను పట్టుకోవడం ఎంత కష్టమో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 1987లో జార్జ్ ఫర్నాస్, థామస్ లాండవర్, లూయిస్ గోమెజ్, సుసాన్ డ్యుమే అనే పరిశోధకులు, ఒకే వస్తువుకో పనికో వేర్వేరు మనుషులు ఏ పేరు పెడతారో పరీక్షించి ప్రచురించారు. ఏ ఇద్దరిని తీసుకున్నా, తమంతట తాముగా ఒకే మాటను ఎంచుకునే అవకాశం 20 శాతం కూడా లేదని తేలింది. అంటే మీకు సహజంగా తోచిన మాట ఎంత మంచిదైనా, అవతలివారికి తోచేది చాలాసార్లు వేరేదే. అందుకే ఊహించడం మాని, రాసిపెట్టి ఉన్న చోట్ల నుంచి ఏరుకోవాలి.

అన్నిటికన్నా విలువైనవి సహాయ విభాగానికి వచ్చే ఉత్తరాలు. ఉత్తరం మొత్తం అక్కరలేదు. విషయం పంక్తి, మొదటి రెండు వాక్యాలు చాలు, సమస్యను మనిషి మొదట ఏ మాటతో చెప్పాడన్నదే మనకు కావాలి. తర్వాతి ఉత్తరాల్లో అతను మన సిబ్బంది వాడిన పదాలను పట్టుకుంటాడు కాబట్టి అవి అతని సొంత మాటలు కావు. ఫోను సంభాషణల నోట్సు కూడా ఈ కారణంగానే జాగ్రత్తగా చూడాలి. ‘రీఫండ్ విచారణ’ అని ఉంటే అది నోట్సు రాసిన ఉద్యోగి మాట. వీలైతే ఫోను ఎత్తేవాళ్ల పక్కన ఒక పూట కూర్చుని, వినబడినది వినబడినట్టే రాసుకోండి.

రెండో చోటు సైటులోని వెతుకుడు పెట్టె. అందులో టైపు చేసినవి నమోదవుతూ ఉంటే, ముఖ్యంగా ఫలితం ఏదీ రాని వెతుకులాటల జాబితా అడిగి తీసుకోండి. మీ పేజీలో లేని మాటలన్నీ అక్కడ వరుసగా కనిపిస్తాయి. మూడోది గూగుల్ సెర్చ్ కన్సోల్. అందులో పర్ఫార్మెన్స్ నివేదిక తెరిచి, మీ ప్రశ్నల పేజీ చిరునామాతో వడపోస్తే, ఏ మాటలు వెతికినవారికి ఆ పేజీ కనిపించిందో వస్తుంది. గరిష్ఠంగా 16 నెలల సమాచారం ఉంటుంది. అయితే ఇది మీ పేజీని చూపించిన వెతుకులాటలను మాత్రమే చెబుతుంది. మీ పేజీలో లేని మాటతో వెతికినవారు ఇందులో కనిపించకపోవచ్చు. అందుకే దీన్ని ఉత్తరాలకు తోడుగా చూడాలే తప్ప ఉత్తరాల బదులుగా కాదు.

ఏరుకునేటప్పుడు అక్షరదోషాలు దిద్దకండి. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా అలాగే ఉంచండి. ‘డబ్బు కట్ అయింది’ అన్నదాన్ని ‘చెల్లింపు జరిగింది’ అని శుభ్రం చేసిన క్షణంలో మనకు కావలసిన సరుకే పోతుంది. తీసేయవలసినవి పేర్లు, ఫోను నంబర్లు, ఆర్డరు నంబర్లు. ఇవి పట్టికలోకి రాకూడదు.

ఎన్ని పోగుచేయాలి? ఇటీవలి వంద ఉత్తరాలతో మొదలుపెట్టండి. కొత్త రకం ప్రశ్న రావడం ఆగిపోయేదాకా చదవండి. వరుసగా ఇరవై ఉత్తరాల్లో కొత్తదేమీ తగలకపోతే ప్రస్తుతానికి చాలు. ఒక జాగ్రత్త: ఫలితాలు వెలువడే వారమో, కొత్త కోర్సు మొదలైన రోజో తీసుకున్న వంద ఉత్తరాలు ఒకే విషయం మీద ఉంటాయి. రెండు మూడు వేర్వేరు నెలల నుంచి తీసుకుంటే ఆ పక్షపాతం తగ్గుతుంది.

## 3. మాటను బట్టి కాదు, అవసరాన్ని బట్టి కుప్పలు పోయండి

ఇప్పుడు ఏరిన వాక్యాలను గుంపులు చేయాలి. ‘రీఫండ్’ అన్న మాట ఉన్నవన్నీ ఒక కుప్ప అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. ఒక్కో వాక్యం ముందు ఆగి, ‘ఈ మనిషికి ఏం తెలిస్తే ఊరుకుంటాడు?’ అని ప్రశ్నించుకోండి. మన ఉదాహరణలో డబ్బుకు సంబంధించిన ఉత్తరాలు ఇలా విడిపోతాయి.

‘కోర్సు నా స్థాయికి సరిపోలేదు, డబ్బు వెనక్కి ఇస్తారా’, ‘కట్టిన డబ్బు తిరిగి వస్తుందా’, ‘కోర్సు క్యాన్సిల్ చేస్తే ఎంత ఇస్తారు’: వీళ్లకు కావలసింది అవుననో కాదనో ఒక తీర్పు. ‘రీఫండ్ పెట్టి వారం అయింది’, ‘డబ్బు ఇంకా పడలేదు’: వీళ్లకు కావలసింది ఒక గడువు, అది దాటితే ఎవరిని అడగాలన్న దారి. ‘రెండుసార్లు డబ్బు పోయింది’, ‘డబ్బు కట్ అయింది, కోర్సు తెరుచుకోవడం లేదు’: వీళ్లు రీఫండ్ అన్న మాట వాడినా వాళ్లది రీఫండ్ కోరిక కాదు, చెల్లింపు తేడా. చాలామందికి కోర్సు తెరుచుకుంటే చాలు.

ఒక్క ప్రశ్న మూడయింది. పేజీ పెద్దదవుతోందని బెంగ వద్దు. మొదటి మెట్టులో తీసేసినవి ఎలాగూ ఉన్నాయి, పైగా మూడు చిన్న జవాబుల్లో తనది వెతుక్కోవడం ఒక పెద్ద పేరాలో వెతుక్కోవడం కన్నా తేలిక.

ఇక్కడే మరో నిర్ణయం కూడా తీసుకోవాలి. కొన్ని కుప్పలకు సరైన చోటు ఈ పేజీ కాదు. ‘డబ్బు కట్టాక కోర్సు ఎన్ని నిమిషాలకు తెరుచుకుంటుంది’ అని పదేపదే అడుగుతున్నారంటే, ఆ సంగతి చెప్పాల్సింది డబ్బు కట్టిన వెంటనే కనబడే తెరమీద. బ్రిటన్ ప్రభుత్వ సైటు GOV.UK తన రచయితలకు ఇచ్చిన సూచనల్లో, తరచూ అడిగే ప్రశ్నల పేజీలే వద్దని, సమాచారాన్ని అవసరమైన చోటే రాయాలని చెబుతుంది. నేను అంతదూరం వెళ్లను. కొనేముందు అనుమానాలు తీర్చుకునేవారికి ఒకచోట చేర్చిన పేజీ మేలు చేస్తుంది. కానీ ప్రతి కుప్ప ముందూ ఆ సూచనను గుర్తుచేసుకోవడం మంచిది.

## 4. ప్రశ్నను అడిగే మనిషి గొంతులో రాయండి

తెలుగు సైటుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇది: ‘నేను నా కోర్సును ఎలా రద్దు చేయగలను?’ ఇలా ఎవరూ అడగరు. ఇంగ్లిషు వాక్యాన్ని మాటకు మాట దించడం వల్ల వచ్చిన రూపం అది. తెలుగులో ‘చేయగలను’ అంటే నాకు చేతనవుతుంది అని. అడిగే మనిషి సందేహం తన సామర్థ్యం గురించి కాదు. ‘కోర్సు రద్దు చేసుకోవడం ఎలా?’ అంటే సరిపోయింది. ‘నేను’, ‘నా’ అన్నవి చాలాచోట్ల వాటంతటవే రాలిపోతాయి.

ఇంకో సంగతి, మనుషులు ఎప్పుడూ ప్రశ్నతో మొదలుపెట్టరు. ముందు జరిగింది చెబుతారు: ‘రీఫండ్ పెట్టాను, ఇంకా రాలేదు.’ అలాంటప్పుడు దాన్ని బలవంతంగా ‘రీఫండ్ ప్రక్రియకు పట్టే కాలవ్యవధి ఎంత?’ అని మార్చకండి. జరిగినదాన్ని ముందు ఉంచి ప్రశ్నను వెనక తగిలించండి. మన మూడు కుప్పలకు ప్రశ్నలు ఇలా వస్తాయి:

> కోర్సు వద్దనుకుంటే డబ్బు తిరిగి వస్తుందా?
>
> రీఫండ్ అడిగాను, డబ్బు ఇంకా రాలేదు. ఎప్పుడు వస్తుంది?
>
> డబ్బు కట్టినా కోర్సు తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్నల పేజీని ఎవరూ వరుసగా చదవరు. కన్ను ఎడమ అంచు వెంట కిందికి జారుతూ ఒక్కో పంక్తిలో మొదటి రెండు మూడు మాటలను పట్టుకుంటుంది. అందుకే ఆ మొదటి మాటలు ఒక్కో ప్రశ్నకు వేరుగా ఉండాలి. పై మూడింటినీ ‘చెల్లించిన రుసుముకు సంబంధించి…’ అని మొదలుపెడితే మూడూ ఒకేలా కనిపించేవి.

ఒకే అవసరానికి ఉత్తరాల్లో రెండు మూడు మాటలు పోటీపడుతుంటే ఏది తీసుకోవాలి? ఎక్కువమంది వాడినదాన్ని ప్రశ్నలో పెట్టండి, రెండోదాన్ని జవాబు మొదటి రెండు వాక్యాల్లో సహజంగా ఇమడనివ్వండి. మన మొదటి ప్రశ్నలో ‘డబ్బు తిరిగి’ ఉంది కాబట్టి జవాబులో ‘రీఫండ్’ వస్తుంది. అప్పుడు ఏ మాటతో వెతికినవారికైనా అది దొరుకుతుంది. రెంటినీ ప్రశ్నలోనే గీత పెట్టి ఇరికిస్తే ప్రశ్న మనిషి మాటలా వినిపించదు.

అడిగినవాళ్ల మాట తప్పయినప్పుడూ ఒక చిక్కు వస్తుంది. ఉదాహరణకు, కోర్సు చివర ఇచ్చే హాజరు పత్రాన్ని అందరూ ‘సర్టిఫికెట్’ అని అడుగుతుంటే, అది అర్హతా పత్రం కాదు కాబట్టి ఆ మాటను వాడకూడదని సంస్థ పట్టుబట్టవచ్చు. ప్రశ్నలో వాళ్ల మాటనే ఉంచండి, జవాబు మొదటి వాక్యంలో సరిచేయండి: ‘ఈ కోర్సుకు హాజరు పత్రం మాత్రమే ఇస్తాము, పరీక్ష పాసైనట్టు సర్టిఫికెట్ ఇవ్వము.’ ప్రశ్నలోనే సరిచేస్తే, సరైన మాట తెలియనివారు అక్కడిదాకా రానేరారు.

## 5. మొదటి వాక్యం: జవాబు అక్కడే తేలిపోవాలి

తెలుగులో ఈ పనికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవుననో కాదనో తేల్చేది ఆ క్రియే. ‘రుసుము చెల్లించిన 7 రోజుల తర్వాత రెండుకు మించి పాఠాలు చూసినవారికి ఏ పరిస్థితిలోనూ రీఫండ్…’ ఇక్కడిదాకా చదివినా, వచ్చేది ‘ఇస్తాము’ అనో ‘ఇవ్వము’ అనో తెలియదు. వాక్యం పొడవైనకొద్దీ జవాబు అంత దూరం జరుగుతుంది. జవాబుతో మొదలుపెట్టండి అన్న సలహాను తెలుగులో పాటించాలంటే మొదటి వాక్యం చిన్నదిగా ఉండాలి, లేదా క్రియ ముందుకు రావాలి.

క్రియను ముందుకు తేవడం మన నోటికి అలవాటైనదే. ఎవరైనా ‘డబ్బు తిరిగి వస్తుందా?’ అని అడిగితే ‘వస్తుంది, వారంలోపు అడిగితే’ అంటాం. రాసేటప్పుడు కూడా అదే క్రమం వాడుకోవచ్చు:

> కోర్సు వద్దనుకుంటే డబ్బు తిరిగి వస్తుందా?
> వస్తుంది, డబ్బు కట్టిన 7 రోజుల్లోపు అడిగితే, అప్పటికి మీరు తెరిచిన పాఠాలు రెండుకు మించకపోతే. ఈ రెండింటిలో ఏది దాటినా రీఫండ్ ఇవ్వము.

‘అవును’తో మొదలుపెట్టకపోవడానికి కారణం ఉంది. ప్రశ్న వ్యతిరేకంగా ఉన్నప్పుడు తెలుగులో ‘అవును’ తలకిందులవుతుంది. ‘7 రోజులు దాటితే డబ్బు రాదా?’ అన్నదానికి ‘అవును’ అంటే రాదని కొందరు, వస్తుందని కొందరు అనుకుంటారు. ప్రశ్నలోని క్రియనే తిరిగి చెబితే ఆ గొడవ ఉండదు: వస్తుంది, రాదు, కుదురుతుంది, కుదరదు. ప్రశ్నను వ్యతిరేక రూపంలో రాయకపోవడం ఇంకా మంచిది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన కొలత. మొదటి వాక్యం దగ్గరే చదవడం ఆపేసి వెళ్లిపోయిన మనిషి తప్పుదారి పట్టకూడదు. జవాబుతో మొదలుపెట్టాలన్న ఉత్సాహంలో నేను ఒకసారి ఇలాంటి ప్రశ్నకే ‘తప్పకుండా వస్తుంది.’ అని రాసి, షరతును రెండో వాక్యంలో పెట్టాను. పదో రోజున అడిగిన ఒకావిడ ఆ మొదటి వాక్యాన్నే కత్తిరించి పంపింది. ఆమె తప్పేమీ లేదు. అది విడిగా నిలబడినప్పుడు అబద్ధమైన వాక్యం. అప్పటినుంచి, ఎక్కువమంది విషయంలో జవాబును మార్చేసే షరతు ఉంటే దాన్ని మొదటి వాక్యంలోనే పెడుతున్నాను. అరుదుగా వర్తించేవాటిని మాత్రమే కిందికి పంపుతాను.

మరి షరతులు ఎక్కువై, జవాబు ‘మీ పరిస్థితిని బట్టి ఉంటుంది’ అని తేలితే? ఆ వాక్యాన్ని జవాబుగా రాయకండి, చదివినవారికి అందులో దొరికేదేమీ లేదు. దేన్ని బట్టి మారుతుందో అదే చెప్పండి. ‘ఎన్ని రోజుల్లో వస్తుందన్నది మీరు డబ్బు కట్టిన పద్ధతిని బట్టి ఉంటుంది: కార్డుకు 7 పని దినాలు, బ్యాంకు ఖాతాకు 5.’ రెండు దారులుంటే ఇలా ఒకే వాక్యంలో ఇముడుతుంది. నాలుగు దారులుంటే చిన్న పట్టిక కావాలి. అంతకు మించితే అది ఒక ప్రశ్న కాదు, మూడో మెట్టుకు వెళ్లి మళ్లీ విడదీయాలి.

‘ఎలా’ అన్న ప్రశ్నలకు మొదటి వాక్యం పని జరిగే చోటును చెప్పాలి: ‘“నా కోర్సులు” పేజీలో కోర్సు పేరు కింద ఉన్న “రీఫండ్ అడగండి” బటన్ నొక్కండి.’ ‘ఎప్పుడు’ అంటే అంకె ముందు. ‘ఎందుకు రావడం లేదు’ అంటే కారణాల జాబితా కాదు, ఎక్కువసార్లు ఎదురయ్యే కారణం, దానికి చేయవలసిన పని. మూడో ప్రశ్నకు అలా రాస్తే:

> డబ్బు కట్టినా కోర్సు తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
> 30 నిమిషాలు ఆగి, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. బ్యాంకు నుంచి ధ్రువీకరణ ఆలస్యంగా వచ్చినప్పుడు ఇలా అవుతుంది. ఈలోగా రెండోసారి డబ్బు కట్టకండి. అప్పటికీ తెరుచుకోకపోతే చెల్లింపు నంబరుతో మాకు రాయండి. ఇప్పటికే రెండుసార్లు కట్టి ఉంటే ఒక మొత్తాన్ని తిరిగి పంపుతాము, దానికి 7 రోజుల గడువు వర్తించదు.

‘రెండోసారి డబ్బు కట్టకండి’ అన్న వాక్యం పాత పేజీలో ఎక్కడా లేదు. ‘రెండుసార్లు డబ్బు పోయింది’ అన్న ఉత్తరాలు చదివితేనే దాని అవసరం తెలుస్తుంది.

కాదని చెప్పవలసి వచ్చినప్పుడు చేయి వణుకుతుంది. ‘దురదృష్టవశాత్తు, మా ప్రస్తుత నిబంధనల ప్రకారం…’ అని మొదలుపెట్టాలనిపిస్తుంది. చదివేవారికి అది ఊరట కాదు, ఆలస్యం. ‘7 రోజులు దాటాక రీఫండ్ ఇవ్వము. కోర్సును మాత్రం మరో బ్యాచ్‌కు మార్చుకోవచ్చు.’ కాదన్న వెంటనే మిగిలిన దారి చెప్పడమే ఇక్కడ చేయగల మర్యాద. దారి లేకపోతే ఉన్నట్టు కనిపించేలా రాయకండి.

## 6. మిగతా జవాబు

మొదటి వాక్యం కుదిరితే మిగతాది త్వరగా అయిపోతుంది. దాని తర్వాత చేయవలసిన పని, ఆ తర్వాత మినహాయింపులు, చివర ఇంకా వివరంగా ఉన్న పేజీకి లింకు. లింకు మీద ‘ఇక్కడ నొక్కండి’ అని కాక ‘రీఫండ్ పూర్తి నిబంధనలు’ అని రాయండి. నాలుగైదు వాక్యాలు దాటుతోందంటే అది వేరే పేజీ కావాలని అడుగుతోంది.

‘జమ చేయబడును’, ‘అభ్యర్థించవచ్చును’ వంటివి తీసేయండి. ‘చేయబడును’ అన్నప్పుడు ఎవరు చేస్తారో తెలియదు, డబ్బు విషయంలో తెలియవలసింది అదే. ‘మేము 2 రోజుల్లో పంపుతాము, మీ బ్యాంకు దాన్ని ఖాతాలో వేయడానికి మరో 5 పని దినాలు పట్టవచ్చు’ అంటే ఆలస్యమైనప్పుడు ఎవరిని అడగాలో కూడా తెలిసిపోతుంది.

‘పైన చెప్పినట్టు’ అని ఏ జవాబులోనూ రాయకండి. లింకు ద్వారా నేరుగా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చినవారికి పైనున్నది తెలియదు.

దిద్దిన జవాబులను నిబంధనలు చూసుకునే విభాగానికి చూపించి తీరాలి. చూపించేటప్పుడు పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కన పెట్టి, ‘అర్థం ఎక్కడైనా మారిందా?’ అన్న ఒక్క ప్రశ్నే అడగండి. ఊరికే అభిప్రాయం అడిగితే పాత పదాలన్నీ తిరిగి వచ్చి కూర్చుంటాయి.

## 7. పేజీ మీద అమర్చడం

వరుసలో ఎక్కువమంది అడిగేది ముందు. ప్రశ్నలు పదిహేను దాటితే కొనేముందు, చదువుతున్నప్పుడు, డబ్బు అన్నట్టు మనిషి ఉన్న దశను బట్టి ఉపశీర్షికలు పెట్టండి. శాఖల పేర్లు పెట్టకండి.

నొక్కితే తెరుచుకునే పెట్టెల్లో జవాబులు దాచడం అలవాటైపోయింది. ప్రశ్నలు కొద్దిగా ఉంటే తెరిచి ఉంచడమే మేలని నా అభిప్రాయం. జవాబు మొదటి వాక్యంలోనే ఉన్నప్పుడు దాన్ని దాచడంలో అర్థం లేదు, పైగా చాలా సైటుల్లో మూసిన పెట్టెలోని మాటలు పేజీలో వెతికినా దొరకవు.

ఒక సాంకేతిక జాగ్రత్త. ప్రశ్న మాటలు మారినా దాని `id` మార్చకండి:

```html
<h3 id="refund">కోర్సు వద్దనుకుంటే డబ్బు తిరిగి వస్తుందా?</h3>
<p>వస్తుంది, డబ్బు కట్టిన 7 రోజుల్లోపు అడిగితే…</p>
```

పాత ఉత్తరాల్లో సిబ్బంది పంపిన `#refund` లింకులు దీనివల్లే ఇప్పటికీ సరైన చోటుకు వస్తాయి. ప్రశ్నను మూడుగా విడదీసినప్పుడు పాత `id`ని అందులో ఎక్కువమంది అడిగేదానికి ఇచ్చి, మిగతా రెండింటికీ కొత్తవి పెట్టండి. ప్రశ్న ఏదో, జవాబు ఏదో వెతుకులాట యంత్రాలకు చెప్పే `FAQPage` మార్కప్ పేజీ కోడులో ఉంటే అందులోని పాఠాన్ని కూడా మార్చాలి. 2023 ఆగస్టులో గూగుల్, ఈ మార్కప్‌తో వెతుకులాట ఫలితాల్లో ప్రశ్నలు చూపించడాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైటులకే పరిమితం చేసింది. కాబట్టి అక్కడ కనబడాలని ప్రశ్నలను పెంచుకుంటూ పోవడానికి కారణం లేదు. పాత మార్కప్‌ను అలాగే వదిలేయడం మాత్రం తప్పు, కంటికి కనిపించేదీ అందులో ఉన్నదీ ఒకటే కావాలి.

## 8. పని చేస్తోందో లేదో చూడండి

పెట్టేముందు రెండు పరీక్షలు. మొదటిది కాగితంతో: ప్రతి జవాబులో మొదటి వాక్యం తప్ప మిగతాది కప్పేసి చదవండి. ప్రశ్నకు జవాబు అందాలి, అందినది నిజమై ఉండాలి. రెండోదానికి మీ సంస్థలో పనిచేయని ముగ్గురు కావాలి. వాళ్లకు ‘రీఫండ్ గురించి వెతకండి’ అని చెబితే మాట అందించినట్టే. ‘నిన్న డబ్బు కట్టారు, ఈ రోజు కోర్సు నచ్చలేదు, ఇప్పుడు ఏం తెలుసుకోవాలనుకుంటారు?’ అని పరిస్థితి మాత్రమే చెప్పండి. ముందు వాళ్లు ఆ ప్రశ్నను తమ మాటల్లో పైకి అనాలి, దాన్ని మీరు రాసుకోవాలి, తర్వాతే పేజీ చూపాలి. చూశాక జవాబును తిరిగి చెప్పమనండి. ‘7 రోజులు’ చెప్పి ‘రెండు పాఠాలు’ మరిచిపోయేవారు ఒకరికి మించి ఉంటే మొదటి వాక్యం మోయగలిగినదానికన్నా ఎక్కువ మోస్తోంది. రెండో షరతును విడి వాక్యంగా, దాని పక్కనే పెట్టి మళ్లీ చూడండి.

పెట్టాక పేజీ ఎంతమంది చూశారన్న లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. చూడవలసింది మూడో మెట్టులో పోసిన కుప్పలను. నాలుగు వారాల తర్వాత, అంతే సంఖ్యలో ఉత్తరాలు తీసుకుని అవే కుప్పల్లో మళ్లీ వేయండి. ఒక కుప్ప తగ్గిందంటే ఆ ప్రశ్న చేరవలసినవారికి చేరుతోంది. తగ్గకపోతే ఉత్తరాల్లోకి వెళ్లి చూడండి. ‘మీ పేజీ చదివాను, కానీ నా విషయంలో…’ అని ఉంటే ప్రశ్న దొరుకుతోంది, జవాబు చాలడం లేదు. పేజీ ప్రస్తావనే లేకుండా నేరుగా అడుగుతుంటే ప్రశ్న వాళ్ల కంటపడటం లేదు, అప్పుడు మార్చవలసింది ప్రశ్నలోని మొదటి మాటలను లేదా దాన్ని ఉంచిన చోటును. కుప్ప తగ్గి, కొత్త కుప్ప ఒకటి పుడితే, ఉదాహరణకు ‘పాఠం తెరిచి వెంటనే మూసేశాను, అది కూడా లెక్కలోకి వస్తుందా?’ అని అడగడం మొదలైతే, వాళ్లు మొదటి వాక్యం చదివారన్నమాట. ఆ కొత్త ప్రశ్నను వాళ్ల మాటల్లోనే పట్టికలో కొత్త వరుసగా చేర్చుకోండి.